రెండో హెచ్చరిక ఎన్నిసార్లు మోగాలి?

గోదావరికి వరద వచ్చిన రోజుల్లో కోనసీమలోనూ యానాంలోనూ మూడు అంకెలు అందరి నోళ్లలో నానుతుంటాయి. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి చేరితే రెండోది, 17.75కి చేరితే మూడోది. బ్యారేజీ దాటిన నీరు పాయలుగా చీలుతుంది. అందులో గౌతమి పాయ యానాం పక్కనుంచే సముద్రానికి వెళ్తుంది. 2022 జులైలో బ్యారేజీ నుంచి దిగువకు వెళ్లిన నీరు 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు యానాంలో ఒడ్డు వెంబడి కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. కాబట్టి ధవళేశ్వరంలో ఏ హెచ్చరిక నడుస్తోందన్నది ఇక్కడి వాళ్లకు సామాన్లు సర్దుకోవాలా వద్దా అని తేల్చుకునే సంగతి.

ఇప్పుడు ఒక పని ఊహించుకుందాం. యానాంలోని ఫరంపేట వాసుల ఫోన్లకు వరద సమాచారం పంపే చిన్న సాఫ్ట్‌వేర్ తయారవుతోంది. డెవలపర్‌కీ టెస్టర్‌కీ ఒకే టాస్క్ అందింది. అందులో ఉన్నది ఒక్క వాక్యం: "ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక రాగానే ఫరంపేట వాసులకు ఎస్సెమ్మెస్ వెళ్లాలి."

చదివితే ఇందులో అర్థం కానిదేమీ లేదు. చిక్కు కూడా అక్కడే ఉంది. అర్థం కాని వాక్యమైతే ఎవరో ఒకరు లేచి అడుగుతారు. అర్థమైందనిపించిన వాక్యాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు చదువుకుని పనిలోకి దిగిపోతారు.

ఆ వాక్యాన్ని కొన్ని అంకెల మీద పెట్టి చూద్దాం. వరద పెరుగుతున్న రాత్రి గంటకో రీడింగ్ వచ్చింది అనుకోండి: 13.60, 13.75, 13.80, 13.70, 13.75, 13.90. నీటిమట్టం ఇలా కొద్దిగా తగ్గి మళ్లీ పెరగడం నదికి మామూలే. ఫరంపేటలో ఒక ఫోనుకు ఆ రాత్రి ఎన్ని ఎస్సెమ్మెస్‌లు రావాలి?

డెవలపర్ తన కోడులో ప్రతి రీడింగునూ 13.75తో పోల్చాడు. అంతకు తగ్గకపోతే సందేశం పంపమన్నాడు. లెక్కేస్తే నాలుగు సందేశాలు వెళ్తాయి. టెస్టర్ అనుకున్నది వేరు. గీత కింది నుంచి పైకి దాటినప్పుడే హెచ్చరిక "వచ్చినట్టు" అని ఆమె లెక్క. అలాగైతే రెండు. జిల్లా కంట్రోల్ రూముల తీరు తెలిసిన మనిషిని అడిగితే ఒక్కటే అంటాడు. ఒకసారి జారీ చేసిన హెచ్చరికను ఉపసంహరించేదాకా అది అమల్లో ఉన్నట్టే, మధ్యలో నీళ్లు అంగుళమో అరంగుళమో తగ్గితే అది కొత్త హెచ్చరిక కాదని అతని మాట. నాలుగు, రెండు, ఒకటి. ముగ్గురూ చదివింది అదే వాక్యం, ఎవరూ తప్పు చదవలేదు.

ఈ తేడా ఎప్పుడు బయటపడుతుందన్నదాన్ని బట్టి నష్టం ఉంటుంది. టాస్క్ రాసే రోజునే బయటపడితే పది నిమిషాల మాటలతో పోతుంది. టెస్టింగులో బయటపడితే "ఇది బగ్" అని ఒకరు, "టాస్కులో ఉన్నదే చేశాను" అని ఇంకొకరు వాదించుకుంటారు. వరద రాత్రి బయటపడితే మాత్రం నాలుగోసారి మోగిన ఫోనును జనం తీసి చూడరు. మూడో హెచ్చరిక వచ్చినప్పుడు కూడా చూడరు.

టాస్క్ పూర్తయిందని ఒప్పుకోవడానికి ఏమేం నిజం కావాలో ముందే రాసిపెట్టుకునే మాటల్ని యాక్సెప్టెన్స్ క్రైటీరియా అంటారు. వాటిని మూడు ముక్కలుగా రాసే పద్ధతి ఒకటుంది: గివెన్, వెన్, దెన్. ముందు ఏ పరిస్థితి ఉంది, ఏం జరిగింది, దాంతో బయటికి ఏం కనిపించాలి. లండన్‌లో పనిచేస్తున్న డాన్ నార్త్ అనే ప్రోగ్రామర్, క్రిస్ మాట్స్ అనే బిజినెస్ అనలిస్టు 2004 చివర్లో దీన్ని ఒక రూపానికి తెచ్చారు. 2006 మార్చిలో నార్త్ రాసిన వ్యాసంతో ఇది నలుగురికీ తెలిసింది. అందులో ఆయన తీసుకున్న ఉదాహరణ ఏటీఎం: ఖాతాలో డబ్బుంది, కార్డు చెల్లుతుంది, యంత్రంలో నోట్లున్నాయి; ఖాతాదారు డబ్బు అడిగాడు; ఖాతాలో ఆ మొత్తం తగ్గాలి, నోట్లు రావాలి, కార్డు తిరిగి రావాలి.

దీని వేళ్లు ఇంకా వెనక్కి పోతాయి. 1969లో టోనీ హోర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒక ప్రోగ్రామ్ సరైనదని గణితపరంగా నిరూపించాలంటే ఏం రాయాలో చెప్పాడు. ముందు నిజమై ఉండాల్సిన షరతు, మధ్యలో నడిచే కోడు, తర్వాత నిజం కావాల్సిన షరతు. ఈ మూడూ కలిస్తేనే అది ఒక పూర్తి వాక్యం. ముందు షరతు లేకుండా "ఈ కోడు సరిగ్గా పనిచేస్తుంది" అనడానికి అర్థం లేదు. మన టాస్కులో లోపించింది సరిగ్గా అదే. "హెచ్చరిక రాగానే" అన్నారు గానీ, అది రాకముందు ఏ హెచ్చరిక నడుస్తోందో అనలేదు.

నా అభిప్రాయంలో ఈ మూడింటిలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది మొదటిదాని మీద. చాలామంది చేసేది దీనికి తలకిందులు. ఫలితాన్ని వివరంగా రాస్తారు, ముందున్న పరిస్థితి దగ్గరకొచ్చేసరికి "యూజర్ లాగిన్ అయి ఉన్నాడు" అని ఒక్క ముక్క పడేసి వదిలేస్తారు.

మన పనిని ఈ పద్ధతిలో రాసి చూద్దాం. ఇలాంటి రాతను యంత్రంతో నడిపించే కకుంబర్ అనే పరికరం 2008లో వచ్చింది. అది చదివే రాత పద్ధతికి గెర్కిన్ అని పేరు. గెర్కిన్ డజన్లకొద్దీ భాషల్లో రాయొచ్చు, వాటిలో తెలుగూ ఉంది. ఫైలు పైన ఒక వరసలో భాష పేరు చెబితే చాలు:

```gherkin
# language: te
గుణము: వరద హెచ్చరిక సందేశాలు

  సన్నివేశం: రెండో హెచ్చరిక కొత్తగా జారీ
    చెప్పబడినది మొదటి హెచ్చరిక అమల్లో ఉంది
    మరియు ఫరంపేట చిరునామాతో ఒక నంబరు నమోదై ఉంది
    ఈ పరిస్థితిలో ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక జారీ అవుతుంది
    అప్పుడు ఆ నంబరుకు రెండో హెచ్చరిక సందేశం ఒక్కటి వెళ్తుంది

  సన్నివేశం: అమల్లో ఉన్న హెచ్చరిక కొనసాగింపు
    చెప్పబడినది రెండో హెచ్చరిక అమల్లో ఉంది
    మరియు ఫరంపేట చిరునామాతో ఒక నంబరు నమోదై ఉంది
    ఈ పరిస్థితిలో రెండో హెచ్చరిక కొనసాగుతోందని బులెటిన్ వస్తుంది
    అప్పుడు ఆ నంబరుకు కొత్త సందేశం వెళ్లదు
```

"చెప్పబడినది" గివెన్, "ఈ పరిస్థితిలో" వెన్, "అప్పుడు" దెన్. మనం మాట్లాడే తెలుగు ఇలా ఉండదు, నిజమే. కానీ పదాలు ఏవైనా వాటి స్థానాలే పని చేస్తాయి. రెండు సన్నివేశాల్లో తేడా మొదటి వరసలోనే ఉంది చూడండి. మొదటిదాంట్లో మొదటి హెచ్చరిక నడుస్తోంది, రెండోదాంట్లో రెండో హెచ్చరికే నడుస్తోంది. ఆ ఒక్క వరసతో నాలుగా, రెండా, ఒకటా అన్న తగాదా తేలిపోయింది.

ఇలా రాస్తున్నప్పుడు ఇంకో నిర్ణయం కూడా జరిగింది, అది గమనించారో లేదో. "ఈ పరిస్థితిలో" అన్న చోట నీటిమట్టం 13.75 చేరడం అని రాయలేదు, హెచ్చరిక జారీ కావడం అని రాశాం. ఆ రెండూ ఒకే సంఘటన కావు. మొదటిది గేజీ దగ్గర జరుగుతుంది. రెండోది ఒక అధికారి చేతుల మీదుగా జరుగుతుంది. మధ్యలో నిమిషాలు గడవొచ్చు, ఇంకాసేపూ పట్టొచ్చు. డెవలపర్ దృష్టి గేజీ మీదుంది, మూడో మనిషి దృష్టి అధికారి ప్రకటన మీదుంది. వెన్ అన్న చోట ఒకే ఒక్క సంఘటన రాయాలన్న కట్టడి ఉంది కాబట్టే ఈ రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోక తప్పలేదు. ఎవరైనా ఆ చోట రెండు సంఘటనలు రాసి మధ్యలో "మరియు" పెడితే అక్కడ ఇంకా తేలని విషయం ఒకటి దాక్కుందనే అర్థం. సాధారణంగా ఆ సన్నివేశాన్ని రెండుగా విడదీయాల్సి ఉంటుంది.

ఇక ఫరంపేట సంగతి. "ఫరంపేట చిరునామాతో నమోదైన నంబరు" అని రాసేశాం, బాగానే ఉంది. మరి ఆ నంబరు ఫరంపేటదని యంత్రానికి ఎలా తెలుస్తుంది? ఇక్కడ యానాం చరిత్రే అడ్డొస్తుంది. యానాం ఫ్రెంచివాళ్ల చేతిలో 1954 దాకా ఉంది, ఇప్పుడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. కానీ చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. ఇటు తాళ్లరేవు కాకినాడ జిల్లాలో ఉంటే, నది అవతల ఎదుర్లంక కోనసీమ జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు రాకముందు ఆ రెండూ తూర్పు గోదావరిలోనే ఉండేవి.

డెవలపర్ దగ్గర ఒక చిరునామాల పట్టిక ఉంది అనుకోండి. గోదావరి వరద కదా అని రాష్ట్రం గడిలో ఆంధ్రప్రదేశ్ ఉన్నవాళ్లనే ఏరితే ఫరంపేట మొత్తం జారిపోతుంది. పోనీ పుదుచ్చేరి కదా అని పిన్‌కోడు 605తో మొదలయ్యేవాళ్లను ఏరితే, అక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న పుదుచ్చేరి పట్టణానికి గోదావరి హెచ్చరిక వెళ్తుంది, ఫరంపేటకు మాత్రం వెళ్లదు. ఎందుకంటే యానాం పిన్‌కోడు 533464, చుట్టుపక్కల ఊళ్లలాగే 533తో మొదలవుతుంది. పోనీ 533తో మొదలయ్యే అన్నింటినీ తీసుకుంటే వరద చేరని ఊళ్లు కూడా చాలా వస్తాయి.

దీన్ని పట్టుకునేది సాధారణ ఉదాహరణ కాదు. గివెన్ వరసలో గాలిలో తేలే "ఒక యూజర్" కాకుండా చిరునామా విడమరిచి పెట్టిన ఉదాహరణ కావాలి: రాష్ట్రం గడిలో పుదుచ్చేరి, పిన్‌కోడు 533464, ఊరు ఫరంపేట. దాని పక్కనే ఇంకొకటి: రాష్ట్రం పుదుచ్చేరి, పిన్‌కోడు 605001. మొదటిదానికి సందేశం వెళ్లాలి, రెండోదానికి వెళ్లకూడదు. ఈ రెండు వరసలూ చూసిన డెవలపర్ రాష్ట్రం గడితో ఏరడం మొదలుపెట్టడు. టెస్టర్ కూడా తనకు తోచిన చిరునామా ఏదో వేసి సరిపెట్టుకోదు. మంచి ఉదాహరణ అంటే ఎవరైనా వేరుగా చదవగలిగిన చోట పెట్టినది.

ఇక చివరి ముక్క, అప్పుడు. "సందేశం ఒక్కటి వెళ్తుంది" అన్నాం. ఎక్కడ కూర్చుని చూస్తే ఒకటి? డెవలపర్ దృష్టిలో సందేశం వెళ్లడమంటే తన సర్వరు టెలికాం ఆపరేటరుకు దాన్ని అప్పగించడం. అక్కడి నుంచి అతని చేతిలో ఏమీ ఉండదు. టెస్టర్ చేతిలో ఉన్నది ఫోను, అది మోగితేనే వెళ్లినట్టు. వరద రాత్రి టవర్లకు కరెంటు పోతే ఈ రెండింటికీ మధ్య చాలా ఎడం వస్తుంది. ఫోనుకు చేరడం సాఫ్ట్‌వేర్ హామీ ఇవ్వలేని విషయం కాబట్టి క్రైటీరియాలో రాయాల్సింది ఆపరేటరుకు అప్పగించడం గురించే. అది కూడా "వెంటనే" అని కాదు, హెచ్చరిక జారీ అయినట్టు నమోదైన సమయం నుంచి ఎన్ని నిమిషాల్లోపు అని రాయాలి. ఫోనుకు చేరిందా లేదా అన్నది వేరే టాస్క్: చేరలేదని ఆపరేటరు చెబితే మళ్లీ ఎప్పుడు ప్రయత్నించాలి అన్నది.

"ఒక్కటి" అన్న అంకెకు తెలుగులో ఇంకో చిక్కుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన మామూలు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగు లిపిలో రాస్తే సాధారణంగా 70 యూనిట్లే పడతాయి. యూనిట్ అంటే మనం పలికే అక్షరం కాదు. "హెచ్చరిక"లో మన కంటికి కనిపించేవి నాలుగు: హె, చ్చ, రి, క. యంత్రం లెక్కలో అవి ఎనిమిది, ఎందుకంటే గుడులూ ఒత్తులూ విడివిడిగా లెక్కకొస్తాయి. "ధవళేశ్వరం" మనకు ఐదు, యంత్రానికి తొమ్మిది. ఈ లెక్కన ఊరి పేరు, హెచ్చరిక పేరు, వెళ్లాల్సిన పునరావాస కేంద్రం పేరు రాసేసరికి సందేశం 70 దాటి రెండు ముక్కలవుతుంది. ఫోను వాటిని కలిపి ఒకటిగా చూపిస్తుంది. డెవలపర్ లాగ్‌లో కూడా ఒకటే ఉంటుంది. ఆపరేటరు బిల్లులో మాత్రం రెండు. ఒక ముక్క దారిలో ఆగిపోతే ఫోనులో సందేశం అసంపూర్తిగా ఉంటుంది లేదా కనిపించకుండానే ఉంటుంది. అందుకని సందేశం పూర్తి పాఠాన్ని దెన్ వరసలో ఉన్నదున్నట్టు పెట్టి, అది 70 యూనిట్లలోపే ఉండాలని ఇంకో వరస చేర్చడం మేలు. పాఠం కళ్ల ముందుంటే మాటలు ఎక్కడ తగ్గించాలో కూడా క్రైటీరియా రాసేవాళ్లే తేల్చుకుంటారు.

"కొత్త సందేశం వెళ్లదు" అన్నదాన్ని పరీక్షించడం ఇంకొంచెం కష్టం. వెళ్లిందని చూపడానికి ఒకసారి చూస్తే చాలు. వెళ్లలేదని చెప్పడానికి ఎంతసేపు చూడాలి? ఎంతసేపన్నది రాయకపోతే టెస్టర్ ఒక నిమిషం చూసి సరే అంటుంది, సందేశం రెండో నిమిషంలో వెళ్తుంది.

అంకెల హద్దులకు వేరే రూపం ఉంది. కంట్రోల్ రూమ్ తెర మీద నీటిమట్టాన్ని బట్టి ఏ స్థాయి చూపాలో చెప్పాలంటే ఒక్కో అంకెకు ఒక్కో సన్నివేశం రాయక్కర్లేదు, ఒక పట్టిక చాలు:

```gherkin
  కథనం: నీటిమట్టాన్ని బట్టి తెర మీది స్థాయి
    చెప్పబడినది ఏ హెచ్చరికా అమల్లో లేదు
    ఈ పరిస్థితిలో బ్యారేజీ గేజీ <అడుగులు> అడుగులు చూపుతుంది
    అప్పుడు తెర మీద "<స్థాయి>" కనిపిస్తుంది

    ఉదాహరణలు:
      | అడుగులు | స్థాయి   |
      | 11.74   | ఏదీ లేదు |
      | 11.75   | మొదటిది |
      | 13.74   | మొదటిది |
      | 13.75   | రెండోది  |
      | 17.75   | మూడోది |
```

13.75 "దాటితే"నా, "చేరితే"నా అన్నది మాటల్లో ఎంతసేపైనా వాదించుకోవచ్చు. పట్టికలో 13.74 పక్కన ఒకటి, 13.75 పక్కన ఒకటి రాశాక వాదించడానికేమీ ఉండదు. అడుగులు అన్న మాట కూడా ఊరికే పెట్టింది కాదు. స్థానికంగా బ్యారేజీ మట్టం అడుగుల్లో చెబుతారు. కేంద్ర జల సంఘం తన బులెటిన్లలో సముద్రమట్టం నుంచి కొలిచి మీటర్లలో ఇస్తుంది. రెండు చోట్లా పదుల్లో ఉండే అంకెలే కనిపిస్తాయి కాబట్టి ఒకదాని చోట ఇంకొకటి వచ్చి పడితే చూపుకు అనుమానం రాదు.

ఈ పద్ధతి చేయలేనివి కొన్ని ఉన్నాయి. కకుంబర్ ఒక వరసను దానికి సంబంధించిన కోడుతో జత చేసేటప్పుడు ముందున్న పదం గివెనా దెనా అన్నది పట్టించుకోదు. మిగతా వాక్యం కలిస్తే చాలు. కాబట్టి సంఘటనను తీసుకెళ్లి గివెన్‌లో రాసినా, ఫలితాన్ని వెన్‌లో రాసినా యంత్రం అభ్యంతరం చెప్పదు. "అప్పుడు" వరస వెనక ఏమీ పరీక్షించని ఖాళీ కోడు ఉన్నా అది పాసైనట్టే ఆకుపచ్చ రంగు చూపిస్తుంది. అలాంటిది ఉందో లేదో తెలుసుకోవడానికి టెస్టర్లు ఒక పని చేస్తారు: సందేశం పంపే కోడును కావాలని కాసేపు ఆపేసి మళ్లీ నడుపుతారు. సందేశం వెళ్లాలని చెప్పే సన్నివేశం అప్పుడు కూడా పచ్చగానే ఉంటే అది దేన్నీ చూడటం లేదని అర్థం.

ఇంకా లోతైనది ఇంకొకటి. హోర్ చెప్పిన షరతు దానికి లోబడే పరిస్థితులన్నింటికీ వర్తిస్తుంది. గివెన్, వెన్, దెన్ అలా కాదు, అది ఒక్క ఉదాహరణ. ఐదు ఉదాహరణలు పాసైనంత మాత్రాన వాటి వెనకున్న నియమం కోడులో ఉందనడానికి లేదు. ఆ ఐదుకు మాత్రమే సరిపోయే కోడు కూడా ఉండొచ్చు. అందుకే సన్నివేశాల పైన నియమాన్ని మామూలు మాటల్లో ఒక వాక్యంగా రాసి ఉంచాలి: అమల్లో ఉన్న స్థాయి కంటే ఎక్కువ స్థాయి జారీ అయినప్పుడే ఒక సందేశం వెళ్తుంది. నియమం ఏం కావాలో చెబుతుంది, ఉదాహరణలు దాన్ని ఎలా చదవాలో చెబుతాయి.

ఆ నియమాన్ని అలా రాయగానే డెవలపర్, టెస్టర్, వరద పని తెలిసిన మనిషి కలిసి కూర్చున్న చోట కొత్త ప్రశ్నలు పుడతాయి. ఎగువ నుంచి నీరు వేగంగా వచ్చి, రెండో హెచ్చరిక సందేశం ఆపరేటరు దగ్గర వరసలో ఉండగానే మూడోది జారీ అయితే? ఫరంపేటలో ఒక ఫోనుకు ముందు మూడోది చేరి, ఆ తర్వాత రెండోది చేరితే చదివినవాళ్లు వరద తగ్గుతోందనుకుంటారు. కాబట్టి ఇంకా అప్పగించని పాత సందేశాన్ని రద్దు చేయాలా, లేక ప్రతి సందేశంలో జారీ అయిన సమయం రాయాలా? సమయం రాస్తే 70 యూనిట్లలో ఏది తీసేయాలి? మూడో హెచ్చరిక ఉపసంహరించి రెండోదానికి దింపినప్పుడు వెళ్లే సందేశం, రెండోది కొత్తగా వచ్చినప్పుడు వెళ్లే సందేశం ఒకేలా ఉండవచ్చా? మన నియమం ప్రకారం స్థాయి తగ్గినప్పుడు అసలు ఏ సందేశమూ వెళ్లదు. పునరావాస కేంద్రంలో ఉన్న కుటుంబానికి ఇంటికి వెళ్లొచ్చని ఎవరు చెబుతారన్నది ఆ టాస్కులో ఇంకా ఎవరూ రాయలేదు.